నూట తొంభై మూడు గంటల డెబ్బై నిమిషాలు

చిన్నప్పటి నుంచీ లెక్కలంటే నాకు భయం లేదు. అదే నా కొంప ముంచింది. భయం ఉన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటారు. నేను ఎచ్చెర్లలో ఎం.కాం. చదివినదాన్ని, ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నదాన్ని, నాకేం ఖర్మ?

ఆ ఫస్ట్ క్లాసు పుణ్యమా అని ఎచ్చెర్ల దాటాక హైవే పక్కనున్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు ఉద్యోగం దొరికింది. టైమ్ ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. గేటు పక్కన ఒక గది, ఒక కంప్యూటర్, తిరిగితే తప్ప గాలి రాని ఒక ఫ్యాను. అది తిరిగేది తక్కువ. రోజూ ఆమదాలవలస నుంచి బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారి, తొమ్మిదికల్లా అక్కడికి చేరేదాన్ని. నా పనల్లా రొయ్యలు వొలిచే షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకుని, నెలాఖరుకి జీతాల లెక్క కట్టడం.

ఆ ఆడవాళ్ళలో సగం మంది సముద్రం పక్క పల్లెల వాళ్ళు. మిగిలినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు. పొద్దున్న ఆరింటికి లోపలికి వెళ్తే మధ్యాహ్నం రెండింటికి బయటికి వస్తారు. అంటే ఎనిమిది గంటలు. అందులో టీకి పావుగంట కంపెనీ కోసేస్తుంది. మిగిలేది ఏడు గంటల నలభై అయిదు నిమిషాలు. ఇంతవరకూ ఎవరికీ ఏ పేచీ లేదు.

గేటు దగ్గర వేలిముద్రల మిషను ఒకటుంది. ఆఫీసు వాళ్ళ వేళ్ళు అది చక్కగా గుర్తుపడుతుంది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి ఏళ్ళ తరబడి రొయ్య పెంకులు తీసినవాళ్ళ వేళ్ళ మీద దానికి గీత కనబడదు. ఎర్రలైటు వేసి కుయ్యిమంటుంది. అందుకని వాళ్ళ గంటలు సెక్యూరిటీ తాత పెద్ద పుస్తకంలో చేత్తో రాసేవాడు. ఏడు గంటల నలభై అయిదు నిమిషాలని రాయడానికి 7.45 అని రాసేవాడు. మనమందరం అలాగే రాస్తాం కదా. పెళ్ళి శుభలేఖలో ముహూర్తం అలాగే రాస్తాం, బస్టాండు బోర్డు మీద టైములు అలాగే రాస్తారు. మధ్యన ఒక చుక్క. ఆ చుక్క గురించి పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

తాత పుస్తకంలోంచి 7.45ని నేను ఎక్సెల్లోకి 7.45గానే ఎక్కించేదాన్ని. కింద మొత్తం కూడమనేదాన్ని. అది కూడేది. వచ్చినదాన్ని గంట రేటు అరవై రూపాయలతో గుణించమనేదాన్ని. అది గుణించేది. ఎంత బాగా పనిచేస్తోందో అని మురిసిపోయేదాన్ని. ఆ షీటు నేనే తయారుచేశాను, రంగులు కూడా వేశాను.

అంతకుముందు వాళ్ళకి రోజుకూలీ పద్ధతి ఉండేది. నేను చేరిన కొత్తలోనే దాన్ని గంటల పద్ధతికి మార్చారు. మారుస్తూ మారుస్తూ మేనేజరు గారు ఒక ఆశ చూపించారు. వరసగా మూడు నెలలు, నెలకి రెండు వందల గంటలు తగ్గకుండా పనిచేసిన వాళ్ళని కాంట్రాక్టరు పుస్తకంలోంచి తీసి కంపెనీ పుస్తకంలో రాస్తారు. ఆ నోటీసు టైపు చేసి గోడకి అతికించింది నేనే. కంపెనీ పుస్తకంలో పేరుంటే రొయ్య తగ్గే నెలల్లో ఇంటికి పంపరు. మిగతావాళ్ళని 'కబురు పెడతాం' అంటారు. కబురు పెడతామన్నవాళ్ళు ఎంతవరకూ పెడతారో మీకూ తెలుసు. ఇంకో మెలిక ఏమిటంటే, ఏభై దాటిన వాళ్ళని కంపెనీ పుస్తకంలోకి కొత్తగా తీసుకోరు.

షెడ్డులో అందరూ పిన్నీ అని పిలిచే ఒకావిడ ఉండేది. నాకూ పిన్నే. క్రైస్తవ మిషనరీల ఆస్పత్రీ చర్చీ ఉన్న ఊళ్ళో పుట్టిన బాప్టిస్టుల ఇంటి మనిషి. భర్త పోయాడు, కూతురికి పెళ్ళయిపోయింది, ఒక్కతే ఉంటుంది. వొలవడంలో ఆవిడ చెయ్యి ఎవరికీ అందదు. మనం రొయ్యని చూసేలోపు అది ఒలుచుకుని పళ్ళెంలో పడుంటుంది. ఆ పై నెలతో ఆవిడకి ఏభై నిండుతాయి. అంటే ఆ మూడు నెలలే ఆవిడకి మొదటి అవకాశం, ఆఖరి అవకాశం కూడా. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. మేనేజరుకీ తెలుసు, నాకూ తెలుసు.

రెండు వందలు దాటడానికి కొంతమంది ఆదివారాలు ఓవర్‌టైముకి వచ్చేవారు. పిన్ని రాదు. ఆదివారం చర్చి. "దేవుడికి ఒక రోజు ఇవ్వలేనోళ్ళకి కంపెనీ ఏటిస్తాది" అనేది నవ్వుతూ. ఆదివారం మినహాయిస్తే మాత్రం ఒక్క రోజు మానలేదు, ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదు. సెలవులన్నీ పోగా ఆ మూడు నెలలూ ఇరవయ్యారేసి రోజులు తేలాయి. ఇరవయ్యారు రోజులూ తాత పుస్తకంలో ఆవిడ పేరుకెదురుగా ఒకటే అంకె, 7.45.

మూడో నెల నుంచి జీతం చీటీ మీద గంటలు కూడా చూపించమన్నారు. రొయ్యలు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు ఆడిట్‌కి వస్తారట, పనివాళ్ళకి ఎన్ని గంటలకి ఎంతిచ్చామో చీటీలో ఉండాలట. సరే అని ఒక గడి పెంచి, పని గంటలు అని పేరు పెట్టి, ప్రింటు తీసి పంచిపెట్టాను.

ఒక పావుగంటకి పిన్ని చీటీ పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. చెయ్యి ఇంకా తడిగానే ఉంది, చీటీ అంచు నాని మెత్తబడిపోయింది.

"పాపా, ఇదేటి రాసినావు?"

"మీ గంటలు పిన్నీ. నూట తొంభై మూడు పాయింట్ డెబ్బై."

"నూట తొంభై మూడు గంటల డెబ్బై నిమిషాలా?"

"ఆఁ."

"గంటకి అరవయ్యే కదమ్మా నిమిషాలు? మరి డెబ్బై నిమిషాలు ఎలగొచ్చినాయి? మీ కంప్యూటర్లో గంట పెద్దదేటి?"

వెనకాల ఉన్న ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. నాకు చుర్రుమంది. నిజమే, డెబ్బై నిమిషాలేమిటి? కానీ నలుగురి ముందు తగ్గడం ఎందుకని వెంటనే సర్దేశాను. డెబ్బైలో అరవై తీస్తే ఒక గంట, మిగిలింది పది నిమిషాలు. "అదేం లేదు పిన్నీ, నూట తొంభై నాలుగు గంటల పది నిమిషాలన్నమాట. మార్చి ఇస్తాను" అన్నాను. అని, చీటీ మీద 193.70 కొట్టేసి పెన్నుతో 194.10 అని కూడా రాశాను. కింద సంతకం కూడా పెట్టాను. ఏ ముహూర్తాన పెట్టానో ఆ సంతకం!

పిన్ని చీటీ చూసింది, నన్ను చూసింది.

"అప్పుడూ తప్పే పాపా. రెండొందల ఒకటిన్నర రావాల."

"ఎలా వస్తుంది?"

"మేం పన్జేసింది రోజుకి పావుతక్కువ ఎనిమిది గంటలు, ఔనా? పావుతక్కువ మాట పక్కనెట్టీ. ఇరవయ్యారు ఎనిమిదులు రెండొందల ఎనిమిది. రోజుకో పావు తక్కువ కాబట్టి ఇరవయ్యారు పావులు తీసీయాల. నాలుగు పావులు గంట. ఇరవయ్యారు పావులంటే ఆరున్నర గంటలు. రెండొందల ఎనిమిదిలోంచి ఆరున్నర పోతే ఎంత?"

నా చెయ్యి కాలిక్యులేటరు మీదికి పోయింది.

"రెండొందల ఒకటిన్నర" అంది ఆవిడే. "మా ఇంట్లో చర్చోళ్ళ కేలండర్ మీద మూడు నెలలుగా గీతలు పెడతన్నాను. కావాలంటే ఒట్టుకొస్తాను."

"ఎక్సెల్ తప్పుగా కూడదు పిన్నీ" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "వేల కోట్ల లెక్కలు దాంట్లోనే చేస్తారు. మీ పావులూ ముప్పావులూ ఏ కాలం నాటివో!"

"నాను పావులు లెక్కెట్టినాను, నువ్వు నిమిషాలు లెక్కెట్టుకో. రెండూ ఒకటే రావాల గదా" అని చెప్పి ఆటో తప్పిపోతుందని వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక తలుపేసుకుని కాగితం తీశాను. ఎందుకో కంప్యూటర్ని అడగాలనిపించలేదు. గంటలు విడిగా, నిమిషాలు విడిగా రాసుకున్నాను. ఇరవయ్యారు ఏడులు నూట ఎనభై రెండు గంటలు. ఇరవయ్యారు నలభై అయిదులు పదకొండు వందల డెబ్బై నిమిషాలు. దాన్ని అరవైతో భాగిస్తే పందొమ్మిదిన్నర. నూట ఎనభై రెండుకి పందొమ్మిదిన్నర కలిపితే రెండు వందల ఒకటిన్నర.

ఓసి దీని దుంప తెగ!

అదే పదకొండు వందల డెబ్బై నిమిషాల్ని ఎక్సెల్ ఏం చేసిందో అప్పుడు కనబడింది. దానికి అవి నిమిషాలని ఎవరు చెప్పారు? చుక్క తరవాత ఉన్నవి నూరో వంతులనుకుంది, పైసల్ని కూడినట్టు కూడేసింది. వంద పైసలకి ఒక రూపాయి, వంద నిమిషాలకి ఒక గంట. అలా పదకొండు గంటల మీద డెబ్బై తేల్చింది. అసలైతే అరవైకే గంట మారాలి. చివరన మిగిలిన డెబ్బైలోంచి అరవై తీసి నేనేదో ఉద్ధరించాననుకున్నాను కానీ, ఆ పదకొండు గంటలూ ఒక్కొక్కటి వందేసి నిమిషాలు మింగి కూర్చున్నవే. వాటిని నేను ముట్టుకోనేలేదు. దొంగ అటకెక్కి కూర్చుంటే గుమ్మానికి గొళ్ళెం వేసినట్టయింది నా పని.

నలభై అయిదు నిమిషాలంటే గంటలో ముప్పావు. అంటే పాయింట్ డెబ్బై అయిదు. 7.45 కాదు, 7.75. మా ఇంట్లో తాతయ్య కూడా ముప్పావు అనేవాడు. పక్కింటావిడ బియ్యం కొలిచి ముప్పావు కేజీ అంటే దాన్ని 0.75 అని నేనే నోటితో మార్చి చెప్పేదాన్ని. బియ్యం దగ్గర వచ్చిన తెలివి గంటల దగ్గరికి వచ్చేసరికి ఏ గంగలో కలిసిందో!

ఆ కాగితం మడిచేలోపే ఇంకో సంగతి తట్టింది. ఈ తప్పు ఎప్పుడూ ఒకే పక్కకి పడుతుంది. ఇరవై నిమిషాలంటే గంటలో మూడో వంతు, పాయింట్ ముప్పై మూడు పై చిల్లర. నా షీటులో అది పాయింట్ ఇరవయ్యే. అరగంటంటే పాయింట్ అయిదు. నా షీటులో పాయింట్ మూడు. ఏ నిమిషాన్ని తీసుకున్నా అరవైతో భాగించినదాని కంటే వందతో భాగించింది చిన్నదే కదా. తప్పన్నాక ఒకసారి అటూ ఒకసారి ఇటూ పడాలి. నాది మాత్రం మూడు నెలలుగా, నలభై మంది దగ్గర, నమ్మకంగా కంపెనీ వైపే పడింది. కంపెనీ నాకు బోనస్ ఇవ్వాలి నిజానికి.

మర్నాడు పొద్దున్నే షీటు బాగుచేయడానికి కూర్చున్నాను. చుక్క కదా దోషం అని చుక్కలన్నీ తీసి 7:45 అని రెండు చుక్కలు పెట్టాను. పిన్ని వరుస కింద మొత్తం కూడితే 9:30 వచ్చింది! నెలంతా రొయ్యలు వొలిస్తే తొమ్మిదిన్నర గంటలట. తరవాత అర్థమైంది. రెండు చుక్కలు పెట్టేసరికి అది గోడ గడియారంలా తయారైంది, ఇరవై నాలుగు గంటలు నిండినప్పుడల్లా మళ్ళీ సున్నా నుంచి మొదలెడుతోంది. ఎనిమిది రోజులు, అంటే నూట తొంభై రెండు గంటలు, మింగేసి మిగిలిన తొమ్మిదిన్నర చూపిస్తోంది. ముందు చుక్క ఎనిమిది గంటలు తినేస్తే ఈ రెండు చుక్కలూ ఎనిమిది రోజులు తినేశాయి.

ఆఖరికి గంటలకి ఒక గడి, నిమిషాలకి ఒక గడి పెట్టాను. నిమిషాలన్నీ ముందు కూడి, చివర్న ఒక్కసారి అరవైతో భాగించి, గంటలకి కలిపాను. రోజుకి రోజు భాగించి చిల్లర తెంచుకుంటూ పోతే అదో నష్టం. ఇరవై నిమిషాల్ని పాయింట్ ముప్పై మూడుగా ఇరవయ్యారు రోజులు తెంచి చూశాను, నెలకి అయిదు నిమిషాలు ఎగిరిపోయాయి. ఇంక ఎవరి నిమిషం ఎగరనిచ్చే ఉద్దేశం నాకు లేదు. పిన్ని వరుసలో 201.50 వచ్చింది. మూడు నెలలకీ అంతే.

మిగతావాళ్ళవీ చూశాను. పాత లెక్క ప్రకారం మూడు నెలలూ రెండు వందలు దాటినవాళ్ళు ముగ్గురే, ఆదివారాలు కూడా వచ్చినవాళ్ళు. కొత్త లెక్కలో పద్ధెనిమిది మంది దాటారు. ఎగిరి గంతేశాను. షీటు ప్రింటు తీసుకుని మేనేజరు గారి గదికి పరిగెత్తాను.

మేనేజరు గారిది విజయనగరం. చెడ్డమనిషి అనలేను. ఎవరి మీదా గొంతు పెంచరు, ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వరు. కాగితం పైనుంచి కిందికి చూసి కళ్ళజోడు తీశారు.

"పద్ధెనిమిది మందా?"

"అవునండీ. నేనే తప్పు చేశాను. నిమిషాల్ని పైసల్లా కూడేశాను."

"ఎవరు పట్టుకున్నారు?"

చెప్పాను. ఆయన కాసేపు నవ్వుకున్నారు. తరవాత మెల్లగా అన్నారు. "చూడమ్మా. కంపెనీ పుస్తకంలో నాకు నాలుగు ఖాళీలున్నాయి. ముగ్గురు ఎలాగూ దాటారు. ఆవిడ చెయ్యి నాకూ కావాలి. ఆవిడ ఒక్కదానికీ రెండొందలు దాటినట్టు వేసేయ్, నాలుగోది ఆవిడే. కొత్త లెక్క వచ్చే నెల నుంచి మొదలెట్టు. గడిచిపోయిన నెలల్ని కెలికితే ఎవరికీ మంచిది కాదు."

ఇదిగో, ఇక్కడ నేను ఊరుకోవలసింది. కనీసం రేపు చెప్తానండీ అని బయటికి రావలసింది. నాకా అలవాటు లేదు. తప్పు నాదైనప్పుడు దిద్దుబాటు కూడా ఘనంగా ఉండాలనిపిస్తుంది నాకు.

"అలా ఎలా కుదురుతుందండీ? ఒకరికి అరవైతో భాగించి మిగతావాళ్ళకి వందతో భాగిస్తానా? చేస్తే అందరికీ చేస్తాను. మూడు నెలల బాకీ కూడా అందరికీ ఇవ్వాలి. రేపు ఆడిట్ వాళ్ళు తాత పుస్తకం పక్కన నా షీటు పెట్టి చూస్తే ఏం చెప్తారు మీరు?"

ఆడిట్ మాట వినేసరికి ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సరే, అందరికీ చెయ్యి" అన్నారు.

ఆ రోజు బస్సులో నాకు సీటు దొరకలేదు. అయినా ఆమదాలవలస దాకా తేలిపోతూ వెళ్ళాను. ఇంట్లో మా అమ్మకి చెప్పాను, పక్కింటావిడకి చెప్పాను. న్యాయం గెలిచిందన్నాను కూడా. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

నాలుగు రోజులకి మూడు నెలల బాకీ మంజూరైంది. ఇరవయ్యారు రోజులు వచ్చినవాళ్ళకి నెలకి ఏడు పాయింట్ ఎనిమిది గంటల చొప్పున తేలింది. షెడ్డంతా పండగే. ఎప్పుడూ నన్ను పలకరించనివాళ్ళు కూడా గుమ్మంలో తల పెట్టి "ఒలమ్మ, గుంట తెలివైనదే!" అని పోయారు. తప్పు చేసిందీ ఆ గుంటే, అంటే ఈ పిల్లే, అన్న సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. సముద్రం పక్క పల్లె నుంచి వచ్చే ఒకావిడ ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రం బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, హాయిగా కిటికీ పక్క సీటు దక్కింది.

ఆ మర్నాడు మేనేజరు గారు పిలిచి ఒక నోటీసు టైపు చేయమన్నారు. కంపెనీ పుస్తకంలోకి తీసుకోవడానికి నెలకి రెండు వందల గంటలు కాదు, రెండు వందల పది. గడిచిన మూడు నెలలకే.

నేను కూర్చున్న కుర్చీలోంచి లేచాను. "ఇదేం అన్యాయమండీ! రెండొందలని మనమే గోడకి అంటించాం కదా?"

"అంటించాం. అప్పుడు మన దగ్గరున్న లెక్క మీద పెట్టిన గీత అది. లెక్క తప్పని నువ్వే చెప్పావు. లెక్క మారినప్పుడు గీత మారదా? పద్ధెనిమిది మందిని పెట్టుకుని రొయ్యల్లేని నెలల్లో వాళ్ళ చేత ఏటి ఒలిపించమంటావు, నా తలా?"

"మరి పిన్ని?"

"నేను ముందే చెప్పాను కదమ్మా." విసుక్కోలేదు, కోప్పడలేదు. ఆదివారాలు వచ్చిన ముగ్గురికీ రెండు వందల పది దాటింది. నాలుగో ఖాళీ ఇప్పటికి అక్కర్లేదన్నారు.

బతిమాలాను. ఆవిడ ఒక్కదానికీ వేసేద్దామండీ, మీరన్నట్టే చేద్దాం అని కూడా అడిగాను. "ఇప్పుడెలా? ఒకరికి ఒక గీత, ఇంకొకరికి ఇంకో గీతా?" అన్నారు. అవి నా మాటలే. నాకే చదివి వినిపించారు. నోరు మూసుకుని వెళ్ళి నోటీసు టైపు చేశాను, 210 అని. గోడకి అంటించింది కూడా నేనే.

బాకీ సొమ్ము సంతకాలు పెట్టించుకునేటప్పుడు పిన్ని అందరి కంటే వెనక వచ్చింది. నోటీసు అప్పటికే చదివేసి ఉంది. కాగితం తీసుకుని వేలితో గళ్ళ వెంట చూసుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది.

"ఇరవై మూడు పాయింట్ నాలుగు. అంటే ఇరవై మూడు గంటల నలభై నిమిషాలా?"

"కాదు పిన్నీ. పాయింట్ నాలుగంటే గంటలో పదింట నాలుగు వంతులు. ఇరవై నాలుగు నిమిషాలు."

ఆవిడ పెదాలు కదిపి ఏదో కూడుకుంది. "ఔను. నెలకి ఏడు గంటల నలభై ఎనిమిది నిమిషాలు, మూడు నెలలకి అంతే అవుతాది. పద్నాలుగొందల నాలుగు రూపాయలు. సరిగ్గానే ఉన్నాది" అని సంతకం పెట్టింది.

అలా వెళ్ళిపోతే నాకు ఏడుపొస్తుందనిపించింది. ఏదో ఒకటి చెప్పాలి. నేను ఎంత పోరాడానో ఆవిడకి తెలియాలి కదా. జరిగిందంతా చెప్పేశాను. రెండొందలు దాటినవాళ్ళు పద్ధెనిమిది మందని, ముందు మేనేజరు గారు ఆవిడ ఒక్కదానికీ వేస్తానన్నారని, నాలుగో ఖాళీ ఆవిడకే అనుకున్నారని, ఒక్కరికి చేసి మిగతావాళ్ళకి చెయ్యకపోవడం అన్యాయమని నేను ఒప్పుకోలేదని. చెప్తుంటే నా గొంతు నాకే బాగుంది. మెచ్చుకుంటుందనే చెప్పాను, అబద్ధమెందుకు?

పిన్ని చేతిలో డబ్బు కొంగున ముడేసుకుంది. బయట ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"ఆయన అలగన్నప్పుడు నాను షెడ్డులోనే ఉన్నాను కదా పాపా?"

"ఉన్నారు పిన్నీ."

"ఈ గోడకి ఆ పక్కనే."

"అడిగుంటే ఏమనేవారు?" అన్నాను చివరికి. 'అందరితో పాటే నాకూ, నా ఒక్కదానికీ ఒద్దు' అంటుందని, ఆ మాట వింటే నా బరువు దిగుతుందని ఆశ.

"ఒద్దనే అందునేమో" అంది పిన్ని, చెప్పులేసుకుంటూ. "మిగతా పద్నాలుగు మంది నోటికాడది తీసీసి తినే బుద్ధి నాకు లేదు. కానీ ఆ ఒద్దన్న మాట నాను అనాల కదమ్మా. నువ్వనీసినావు."